ఫిష్ ఆయిల్ డబ్బానా, డాక్టర్ రాసిన ఒమేగా-3నా? లేబుల్ మీది మాట వెనక ఏముందో చూసి ఎంచుకోండి

నేను న్యూజెర్సీలో ఒక ఫార్మసీలో పనిచేస్తాను. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం. కొడుకు దగ్గర ఉంటున్న ఒక రిటైర్డ్ మాస్టారు ఆ మధ్య కౌంటర్ దగ్గరికి వచ్చారు. ఆయన పేరు మీద డాక్టర్ పంపిన మందు నా వెనక అరలో సిద్ధంగా ఉంది. ఆయన చేతిలో మాత్రం మా షాపులోనే విటమిన్ల వరసలోంచి తీసుకున్న ఫిష్ ఆయిల్ డబ్బా ఉంది.

"అమ్మాయ్, రెండూ చేప నూనే కదమ్మా. ఇది చవక, చీటీ కూడా అక్కర్లేదు. పైగా గుండె బొమ్మ వేసి మరీ రాశాడు. ఇది వేసుకుని అది మానేస్తే ఏం?" అన్నారు.

ఆయనకు 68 ఏళ్లు. గుండెలో స్టెంట్ ఉంది, షుగర్ ఉంది, రోజూ కొలెస్ట్రాల్ మాత్ర (స్టాటిన్) వేసుకుంటారు. అయినా రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు 236 దగ్గరే ఆగాయి. అందుకే డాక్టర్ ఐకోసాపెంట్ ఇథైల్ రాశారు. అది చేప నూనెలోని ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వును శుద్ధి చేసి తయారుచేసిన మందు. కాబట్టి మాస్టారు అడిగింది అర్థం లేని ప్రశ్న కాదు. మూలం ఒకటే అయినప్పుడు ఒకటి కౌంటర్ వెనక ఎందుకుంది, ఇంకోటి చేతికందే అరలో ఎందుకుంది? ఇలాంటి ఎంపిక దగ్గర ఆగిపోయినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఫిష్ ఆయిల్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకే పదార్థం రెండు చట్టాల కింద రెండు రకాలుగా అమ్ముడవుతుంటే, తేడా పదార్థంలో ఎంత, చట్టంలో ఎంత అనేది విడదీసి చూడొచ్చు.

ముందు ఏం చూడాలి

ధర, బ్రాండు, ఎవరో చెప్పిన అనుభవం, ఇవన్నీ తర్వాత. నేనైతే నాలుగు ప్రశ్నలు వేస్తాను.

మొదటిది, ఇది షాపులోకి రాకముందు ఎవరైనా పరీక్షించి సరే అన్నారా? రెండోది, రుజువు చూపించాల్సింది ఎవరు? కంపెనీయే "పనిచేస్తుంది, ప్రమాదం లేదు" అని చూపించాలా, లేక ప్రభుత్వమే "ప్రమాదం ఉంది" అని చూపించాలా? మూడోది, లేబుల్ మీది వాక్యం సరిగ్గా ఏమంటోంది? అందులో జబ్బు పేరు ఉందా, లేదా? నాలుగోది, నాకు కావలసిన మోతాదు ఒక క్యాప్సూల్‌లో ఎంత ఉంది?

వీటిలో మూడో ప్రశ్న దగ్గరే చాలామంది మోసపోతారు. చదువుకున్నవాళ్లు కూడా. అందుకే దాని మీద ఎక్కువసేపు ఆగుతాను.

కౌంటర్ వెనక ఉన్నది: మందు

అమెరికాలో మందుల చట్టం రెండు విషాదాల తర్వాత గట్టిపడింది. 1937లో సల్ఫనిలమైడ్ అనే మందును ద్రవరూపంలో తేవడానికి ఒక కంపెనీ డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థంలో కలిపి అమ్మింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. అమ్మేముందు సురక్షితమని చూపించాలన్న నియమం అప్పటికి లేదు. 1938 చట్టంతో ఆ నియమం వచ్చింది. తర్వాత గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ అనే మందు వల్ల పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన ఘోరం జరిగింది. దాని తర్వాత 1962లో రెండో షరతు కూడా చేరింది: సురక్షితం అంటే చాలదు, చెప్పిన పని చేస్తుందని సరైన పరీక్షలతో రుజువు చేయాలి. ఈ రెండూ అమ్మకానికి ముందే జరగాలి, భారం కంపెనీదే.

మాస్టారి మందు ఈ దారిలోనే వచ్చింది. 2012లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని మొదట ఒకే ఒక్క పనికి అనుమతించింది: ట్రైగ్లిజరైడ్లు 500 దాటినవాళ్లలో వాటిని తగ్గించడానికి. గుండెపోటు తగ్గిస్తుందని చెప్పుకునే హక్కు కంపెనీకి అప్పుడు లేదు. ట్రైగ్లిజరైడ్ల అంకె తగ్గడం వేరు, గుండెపోట్లు తగ్గడం వేరు. ఆ మాట అనాలంటే వేరే పరీక్ష చేసి చూపించాలి.

కంపెనీ ఆ పరీక్ష చేసింది. స్టాటిన్ వేసుకుంటున్నా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగానే ఉన్నవాళ్లను, అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లను, లేదా షుగర్‌తో పాటు ఇంకొన్ని ముప్పులున్నవాళ్లను 8,179 మందిని తీసుకుంది. సగం మందికి రోజుకు 4 గ్రాముల మందు, సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి క్యాప్సూల్. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. దాదాపు ఐదేళ్లు గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం, మళ్లీ స్టెంటు వేయాల్సి రావడం లాంటివి ఉత్తుత్తి క్యాప్సూల్ వాళ్లలో నూటికి 22 మందికి జరిగితే, మందు వేసుకున్నవాళ్లలో 17 మందికి జరిగాయి. ఆ లెక్కలు చూశాకే 2019 డిసెంబర్‌లో రెండో అనుమతి వచ్చింది. అది కూడా అందరికీ కాదు. స్టాటిన్ వేసుకుంటూ, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, గుండెజబ్బు గానీ, షుగర్‌తో పాటు మరో రెండు ముప్పులు గానీ ఉన్నవాళ్లకే.

మాస్టారి రిపోర్టు, ఆ అనుమతి వాక్యం పక్కపక్కన పెట్టి చూస్తే మాట మాటకూ సరిపోయింది. అనుమతి పొందిన మందుకు ఉండే పెద్ద బలం ఇదే. ఎవరి మీద పరీక్షించారో, ఎంత మోతాదుతో పరీక్షించారో తెలుసు. ఆ గుంపులో మనం ఉన్నామో లేదో మనమే చూసుకోవచ్చు.

అనుమతి ఉంది కదా అని ఇందులో లోపాలు లేవని కాదు. అదే పరీక్షలో గుండె లయ తప్పే జబ్బుతో (ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు) ఆస్పత్రిలో చేరినవాళ్లు మందు వేసుకున్నవాళ్లలో ఎక్కువ. నూటికి 3 మంది, ఉత్తుత్తి క్యాప్సూల్ వాళ్లలో 2 మంది. రక్తస్రావం కూడా కాస్త ఎక్కువే. పైగా ఉత్తుత్తి క్యాప్సూల్‌లో వాడిన మినరల్ ఆయిల్ వల్ల రెండో గుంపు పరిస్థితి కొంత చెడి, మందు ఉన్నదానికంటే మంచిదిగా కనిపించిందేమో అని నిపుణులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. ఈ వాదనకు బలం ఉందని నా అభిప్రాయం కూడా. అయితే ఆ వాదన జరగడానికి లెక్కలు బయట ఉన్నాయి. దుష్ప్రభావాలు మందుతో ఇచ్చే కాగితంలో అచ్చయి ఉన్నాయి. పక్క వరసలోని డబ్బా విషయంలో వాదించుకోవడానికి ఆ డబ్బాకు సంబంధించిన లెక్కలే ఉండవు.

ఇవతలి అరలో ఉన్నది: సప్లిమెంట్

సప్లిమెంట్లకు అమెరికాలో 1994లో వేరే చట్టం చేశారు. అందులోని కీలకం ఒక్కటే: సప్లిమెంట్ అంటే మందు కాదు, ఒక రకం ఆహారం. పచ్చడి సీసా అమ్మేముందు ఎవరూ ప్రభుత్వం దగ్గర పరీక్షల ఫలితాలు పెట్టరు కదా. అదే లెక్క దీనికీ వర్తించింది. అమ్మేముందు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. ఆ చట్టానికి ముందు మార్కెట్లో లేని కొత్త పదార్థం అయితే 75 రోజుల ముందు తెలియజేయాలి, అంతే. ప్రమాదం ఉందని తేలితే సరుకు తీయించే అధికారం ఎఫ్‌డీఏకి ఉంది, కానీ రుజువు చేయాల్సిన భారం ఎఫ్‌డీఏదే.

ఆ భారం ఎంతటిదో ఎఫెడ్రా చూపించింది. బరువు తగ్గడానికి అమ్మిన మూలిక అది. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు వచ్చాయన్న ఫిర్యాదులు ఏళ్ల తరబడి పోగుపడ్డాయి. నిషేధం వచ్చింది 2004లో. చట్టం వచ్చిన పదేళ్లకు.

సప్లిమెంట్ల మీద నియమాలే లేవనడం మాత్రం తప్పు. తయారీ ఎలా ఉండాలో 2007 నుంచి నిబంధనలున్నాయి. లేబుల్ మీద రాసిన పదార్థం లోపల ఉండాలి, కల్తీ ఉండకూడదు, తీవ్రమైన హాని జరిగిందని ఫిర్యాదు వస్తే కంపెనీ ఎఫ్‌డీఏకి చెప్పాలి. ప్రకటనల్లో అబద్ధాలాడితే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేయగలదు. ఇవన్నీ నిజమే. కానీ వీటిలో ఏదీ "ఇది పనిచేస్తుందా?" అని అమ్మకానికి ముందు అడగదు.

లేబుల్ మీది మాటకు రుజువు ఎందుకు అక్కర్లేదు

మాస్టారి డబ్బా తీసుకుని కౌంటర్ మీద పెట్టాను. ముందువైపు ఎర్రటి గుండె బొమ్మ, దాని కింద "గుండె ఆరోగ్యానికి తోడ్పడుతుంది" అని ఇంగ్లీషులో. ఆ వాక్యం చివర ఆవగింజంత నక్షత్రం గుర్తు. డబ్బా తిప్పితే అడుగున, బార్‌కోడ్ పక్కన, గీత గీసిన పెట్టెలో అదే నక్షత్రం మళ్లీ కనిపిస్తుంది. దాని పక్కన రాసింది ఆయన కళ్లజోడు పైకి నెట్టి, డబ్బా కళ్లకు దగ్గరగా పట్టుకుని చదివారు. నేను తెలుగులో చెప్పాను: "ఈ మాటను ఎఫ్‌డీఏ పరిశీలించలేదు. ఈ ఉత్పత్తి ఏ జబ్బునూ గుర్తించడానికి, చికిత్స చేయడానికి, నయం చేయడానికి, నివారించడానికి ఉద్దేశించింది కాదు."

"మరి ముందు గుండె అని రాసి వెనక కాదంటాడేంటి?" అన్నారు.

కాదనడం లేదు మాస్టారూ, రెండు వాక్యాలూ చట్టం ప్రకారమే ఉన్నాయి. "గుండెజబ్బును నివారిస్తుంది" అని రాస్తే అందులో జబ్బు పేరు వచ్చింది. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో అది మందు. మందుకు కావలసిన పరీక్షలన్నీ చూపించాలి. "గుండె ఆరోగ్యానికి తోడ్పడుతుంది" అంటే జబ్బు ప్రస్తావన లేదు, శరీరంలో ఒక అవయవం పనితీరు గురించిన మాట మాత్రమే. దానికి ముందస్తు అనుమతి లేదు. సరుకు అమ్మడం మొదలుపెట్టిన 30 రోజుల్లోపు "మేం ఈ మాట రాస్తున్నాం" అని ఎఫ్‌డీఏకి ఉత్తరం పంపాలి. డబ్బా మీద ఆ పెట్టెలోని వాక్యం వేయాలి.

మాట నిజమని చూపే ఆధారం కంపెనీ దగ్గర ఉండాలని చట్టం అంటుంది. కానీ దాన్ని ముందుగా ఎవరికీ సమర్పించక్కర్లేదు. ఎవరో ప్రశ్నిస్తేనే ఫైలు తెరుస్తారు. ఆ ఫైల్లో ఉన్న పరీక్ష ఈ డబ్బాలోని క్యాప్సూల్‌తోనే, ఇదే మోతాదుతో, మనలాంటి వాళ్ల మీదే చేసిందన్న హామీ ఏదీ లేబుల్ మీద కనబడదు.

నా దృష్టిలో అసలు చిక్కు ఇంకోటి ఉంది. వాక్యం ఎంత అస్పష్టంగా ఉంటే కంపెనీకి అంత క్షేమం. "ఐదేళ్లలో గుండెపోట్లు నాలుగో వంతు తగ్గాయి" అన్న మాటను పరీక్షించి తప్పని చూపించొచ్చు. "తోడ్పడుతుంది" అన్న మాటను ఎలా తప్పని చూపిస్తాం? ఏ అంకె మారాలి, ఎంతకాలంలో మారాలి, ఎవరిలో మారాలి? ఏదీ చెప్పని వాక్యాన్ని కాదనలేం. చదివేవాడి మనసు మాత్రం ఆ ఖాళీని తనకు కావలసిన అర్థంతో నింపుకుంటుంది. మాస్టారు "తోడ్పడుతుంది" అని చదివారు, "మళ్లీ స్టెంట్ పడదు" అని అర్థం చేసుకున్నారు.

ఈ రెండింటికీ మధ్యలో మూడో రకం వాక్యం కూడా ఉంది. ఫిష్ ఆయిల్ విషయంలో 2004లోనే ఎఫ్‌డీఏ దానికి తలూపింది. గుండెజబ్బు ముప్పు తగ్గొచ్చు అంటూనే, దాన్ని సమర్థించే పరిశోధన ఉన్నా అది నిర్ధారణ కాలేదని అదే వాక్యంలో చెప్పాలి. ఇది నిజాయితీ ఉన్న మాట. దాన్ని ఎంతమంది వాడుతున్నారు? 2023లో కొందరు పరిశోధకులు 2,819 ఫిష్ ఆయిల్ సప్లిమెంట్ల లేబుళ్లు పరిశీలించారు. నాలుగింట మూడు వంతుల డబ్బాల మీద ఏదో ఒక ఆరోగ్య వాగ్దానం ఉంది. ఆ డబ్బాల్లో ఐదింట నాలుగింటి మీద ఉన్నది ఈ "తోడ్పడుతుంది" రకమే. సందేహాన్ని కూడా చెప్పాల్సిన వాక్యాన్ని వదిలి, సందేహమే లేనట్టు వినిపించే వాక్యాన్ని ఎంచుకున్నారన్నమాట. నియమం ఉల్లంఘించి కాదు, నియమం ఇచ్చిన దారిలోనే.

మోతాదు లెక్క

డబ్బా ముందువైపు "1200 మిల్లీగ్రాములు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. అది నూనె బరువు. వెనకవైపు పట్టికలో చూస్తే ఒక క్యాప్సూల్‌లో ఈపీఏ 216, ఇంకో ఒమేగా-3 కొవ్వైన డీహెచ్‌ఏ 144, రెండూ కలిపి 360 మిల్లీగ్రాములు. మిగిలినదంతా వేరే కొవ్వులు.

పెద్ద పరీక్షలో ఇచ్చింది రోజుకు 4 గ్రాముల శుద్ధి చేసిన ఈపీఏ. ఈ డబ్బాతో అంత ఈపీఏ రావాలంటే 4000ను 216తో భాగించాలి. పద్దెనిమిది, పంతొమ్మిది క్యాప్సూళ్లు. అంటే రోజుకు దాదాపు 22 గ్రాముల నూనె, సుమారు 200 క్యాలరీలు. డబ్బా మీద రాసినట్టు రోజుకొకటి వేసుకుంటే, డాక్టర్ రాసినదాంట్లో ఇరవయ్యో వంతుకు దగ్గర.

పోనీ ఎలాగోలా పంతొమ్మిదీ మింగితే? అప్పుడు కూడా అదే ఫలితం వస్తుందనలేం. ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ ఉన్న మందును రోజుకు 4 గ్రాములు ఇచ్చిన ఇంకో పెద్ద పరీక్ష, 13,078 మంది మీద చేసింది, ప్రయోజనం కనబడక మధ్యలోనే ఆపేశారు. గుండె లయ తప్పడం మాత్రం అందులోనూ ఎక్కువైంది. రోజుకు ఒక గ్రాము క్యాప్సూల్‌ను దాదాపు 26 వేలమంది సాధారణ ఆరోగ్యవంతులకు ఐదేళ్లకు పైగా ఇచ్చి చూసిన పరీక్ష కూడా ఉంది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | డాక్టర్ రాసే ఒమేగా-3 | ఫిష్ ఆయిల్ సప్లిమెంట్ | వారానికి రెండుసార్లు చేప |
|---|---|---|---|
| అమ్మకానికి ముందు అనుమతి | కావాలి | అక్కర్లేదు | వర్తించదు |
| రుజువు భారం | కంపెనీది | హాని ఉందని చూపాల్సింది ప్రభుత్వం | వర్తించదు |
| చెప్పే మాట | ఫలానా రోగులకు, ఫలానా ఫలితం | "తోడ్పడుతుంది" | ఏమీ చెప్పదు |
| ఒక మోతాదులో ఒమేగా-3 | కచ్చితం, ఎక్కువ | తక్కువ, డబ్బా డబ్బాకూ మారుతుంది | చేపను బట్టి |
| దుష్ప్రభావాల సమాచారం | కాగితంలో తప్పనిసరి | లేబుల్ మీద తప్పనిసరి కాదు | ముల్లు, ఎలర్జీ |
| ఖర్చు | ఇన్సూరెన్స్‌ను బట్టి, జెనెరిక్ ఉంది | మామూలుగా తక్కువ | ఇంటి ఖర్చులోనే |

చివరి నిలువు వరస చూసి నవ్వుకోకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పేది అదే, వారానికి రెండు పూటలు చేప. వేపుడు కాకుండా పులుసో, ఉడికించిందో అయితే మేలు.

మీరు ఎవరైతే ఏది

మాస్టారిలా గుండెజబ్బు ఉండి, స్టాటిన్ వేసుకుంటూ, ట్రైగ్లిజరైడ్లు ఇంకా ఎక్కువగా ఉంటే సప్లిమెంట్‌ను మందుకు బదులుగా లెక్కపెట్టొద్దు. ఖర్చు ఇబ్బంది అయితే డాక్టర్‌కు ఆ మాటే చెప్పండి. జెనెరిక్ ఉంది. మానేసే బదులు అడగడం మంచిది.

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే సొంత వైద్యం అసలు వద్దు. అంత ఎక్కువైతే క్లోమగ్రంథి వాపు వచ్చే ప్రమాదం ఉంది. అది ఎమర్జెన్సీ వార్డు దాకా తీసుకెళ్లే జబ్బు. అరలోని డబ్బా ఆ పని కోసం పరీక్షించింది కాదు.

ఏ జబ్బూ లేదు, చేప తింటాను, "ఎందుకైనా మంచిది" అని వేసుకోవాలనుకుంటున్నాను అంటే, ఆ డబ్బుతో చేప కొనుక్కోమంటాను. చేప అసలు తినని నలభై ఏళ్ల మనిషి రోజుకొకటి వేసుకుంటానంటే నేను అడ్డు చెప్పను. కానీ గుండెకు బీమా చేసుకున్నట్టు అనుకోవద్దంటాను. శాకాహారులకు నాచు నుంచి తీసిన ఒమేగా-3 దొరుకుతుంది. అవిసె గింజల్లో ఉండేది వేరే రకం, శరీరం దాన్ని ఈపీఏగా మార్చుకునేది చాలా కొద్ది.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గతంలో గుండె లయ తప్పినవాళ్లు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు, సప్లిమెంట్ అయినా సరే డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగినప్పుడు మనవాళ్లు సప్లిమెంట్లను లెక్కలో చెప్పరు. ఆహారంగా అమ్ముడైనా లోపలికి వెళ్లాక పని మందులాగే చేయొచ్చు.

సప్లిమెంటే కొనాలని నిర్ణయించుకుంటే ముందువైపు అంకె వదిలేసి వెనక ఈపీఏ, డీహెచ్‌ఏ అంకెలు కూడండి. అవి ఎన్ని క్యాప్సూళ్లకు రాసిన అంకెలో కూడా చూడండి, చాలా డబ్బాల్లో అది రెండు క్యాప్సూళ్ల లెక్క. యూఎస్‌పీ లాంటి బయటి సంస్థ ముద్ర ఉంటే రాసిన పదార్థం రాసినంత ఉందని, కలుషితాలు పరిమితికి లోబడి ఉన్నాయని అర్థం. పనిచేస్తుందని అర్థం కాదు. ఇంటికెళ్లాక ఒక క్యాప్సూల్ కత్తిరించి వాసన చూడండి. చేప వాసన ఉంటుంది, అది మామూలే. పాత నూనెలాగా ముక్కిపోయినట్టు, ముక్కుపుటాలు మండేలా ఉంటే నూనె చెడిపోయింది. నిమ్మ వాసన కలిపినవాటిలో ఇది పట్టుకోవడం కష్టం.

సూట్‌కేసులో పెట్టి ఇండియాకు పంపేవాళ్లకు

అమెరికా నుంచి వచ్చింది కాబట్టి పరీక్షించే ఉంటారని మన ఊళ్లలో నమ్ముతారు. ఎఫ్‌డీఏ అన్న పేరు వింటే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. సప్లిమెంట్ డబ్బా మీద ఆ పేరు కనబడేది చాలావరకు "పరిశీలించలేదు" అన్న వాక్యంలోనే అని అమ్మానాన్నలకు చెప్పండి.

ఇండియాలో కూడా ఇవే రెండు దారులున్నాయి. మందులు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తాయి. సప్లిమెంట్లు, న్యూట్రాస్యూటికల్స్ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కిందికి వస్తాయి. చిక్కేంటంటే మెడికల్ షాపులో రెండూ ఒకే అరలో, ఒకే రకం స్ట్రిప్‌లో ఉంటాయి, కొన్నిసార్లు డాక్టర్ చీటీ మీద కూడా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. స్ట్రిప్ లేదా పెట్టె వెనక 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, "హెల్త్ సప్లిమెంట్" లేదా "న్యూట్రాస్యూటికల్" అన్న మాట, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అన్న హెచ్చరిక ఉంటే అది చట్టం దృష్టిలో ఆహారం. ఆ నంబరు ఆహారం తయారుచేసే కంపెనీకి ఇచ్చిన లైసెన్సు, స్ట్రిప్ మీది వాగ్దానానికి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు అయితే ఆర్ఎక్స్ గుర్తు, మందుల తయారీ లైసెన్స్ నంబరు కనిపిస్తాయి.

మాస్టారు ఆ రోజు డబ్బా వెనక అంకెలు తన చిన్న నోటుబుక్కులో రాసుకుని, 4000ను 216తో తానే భాగించి చూసుకున్నారు. పద్దెనిమిదిన్నర వచ్చింది. డబ్బా తీసుకెళ్లి తీసిన చోటే పెట్టొచ్చి, మందు ఎలా వేసుకోవాలని అడిగారు. పొద్దున రెండు, రాత్రి రెండు, భోజనంతో పాటు, నమలకుండా మింగాలి అని చెప్పాను. గుండె దడదడలాడినా, కొట్టుకోవడం గతి తప్పినట్టు అనిపించినా, కారణం లేకుండా ఒంటి మీద కమిలినట్టు మచ్చలు వచ్చినా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయమన్నాను. అది కూడా నోటుబుక్కులో రాసుకున్నారు.